క్రెడిట్ కార్డు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్: ఫీజు, ఆఫర్ వడ్డీ, రెండు స్టేట్‌మెంట్ల లెక్క

ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు మీద ఉన్న బాకీని ఇంకో బ్యాంకు కార్డు మీదకు మార్చుకోవడాన్ని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. బ్యాంకుల వాళ్ళు బీటీ అంటారు, మనమూ అలాగే అనుకుందాం. కొత్త బ్యాంకు మీ తరఫున పాత కార్డుకు డబ్బు కట్టేసి, ఆ మొత్తాన్ని మీ కొత్త కార్డు ఖాతాలో రాసుకుంటుంది. కొన్నాళ్ళపాటు తక్కువ వడ్డీ వేస్తుంది. అందుకు మొదట్లోనే ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటుంది. ఆఫర్ చెప్పడానికి ఫోన్ చేసినవాళ్ళు కూడా దాదాపు ఇంతే చెబుతారు. జనానికి టెన్షన్ మొదలయ్యేది ఆ తర్వాత, రెండు కార్డుల స్టేట్‌మెంట్లూ చేతికొచ్చి ఒకదానితో ఒకటి పొంతన కుదరనప్పుడు.

బీటీలో రెండు రకాలున్నాయి. ఒకటి మొత్తాన్ని నెలనెలా ఈఎంఐగా కట్టేది. రెండోది, ఇన్ని రోజులపాటు తక్కువ వడ్డీ అని గడువు పెట్టి, ఆలోపు మీ వీలును బట్టి తీర్చుకోమనేది. స్టేట్‌మెంట్ చదవడంలో ఎక్కువ తికమక పెట్టేది ఈ రెండోదే కాబట్టి దాన్నే అడుగడుగునా చూద్దాం. లెక్కకు మా బావమరిది కేసు తీసుకుంటున్నాను. వాడికి గుంటూరు బ్రాడీపేటలో జిరాక్స్ షాపు ఉంది. వేసవిలో బేరాలు పడిపోయిన రోజుల్లో మెషీను రిపేరు, పేపరు, టోనర్ అన్నీ కార్డు మీదే కొన్నాడు. జూన్‌లో బళ్ళు, కాలేజీలు తెరిచాక డబ్బులు ఆడతాయి కానీ బాకీ మొత్తం ఒక్కసారిగా తీర్చేంత కాదు. బీటీకి సరిగ్గా సరిపోయే పరిస్థితి అది. ఇక్కడ చెప్పే వడ్డీలు, ఫీజులు వాడికొచ్చిన ఆఫర్‌వి. మీకు అంకెలు మారతాయి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

మొదటి అడుగు: పాత కార్డు స్టేట్‌మెంట్ విప్పి చూడండి

యాప్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే మొత్తం ఒక్కటే చూసి ఆగిపోకండి. స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకుని స్టేట్‌మెంట్ తేదీ, కట్టాల్సిన ఆఖరు తేదీ, నెల వడ్డీ శాతం, మొత్తం బకాయిలో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి.

మావాడి పాత కార్డు స్టేట్‌మెంట్ జూన్ 12న వచ్చింది. మొత్తం బకాయి 80,000. అందులో వాడుకున్న అసలు 76,680, నెల వడ్డీ 2,813.56, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 506.44. కట్టాల్సిన ఆఖరు తేదీ జూలై 2. వడ్డీ నెలకు 3.6 శాతం, అంటే ఏడాదికి 43.2 శాతం.

క్రెడిట్ కార్డు వడ్డీ రోజువారీగా పడుతుంది. లెక్క ఇది:

```
వడ్డీ = అసలు × రోజులు × ఏడాది వడ్డీ శాతం ÷ 36500
```

76,680 మీద ఏడాదికి 43.2 శాతం చొప్పున రోజుకు 90 రూపాయల 76 పైసలు. జీఎస్టీ కలిపితే 107. వాడు షాపు తెరిచినా మూసినా ఆ 107 పోతూనే ఉంటుంది. ఈ రోజువారీ అంకెను గుర్తుపెట్టుకోండి, తర్వాతి లెక్కలన్నిటికీ అదే ఆధారం.

రెండో అడుగు: ఆఫర్‌కి నిజంగా ఎంత పడుతుంది

మావాడికి వేరే బ్యాంకు కార్డు కూడా ఉంది, లిమిట్ 1,20,000. బీటీ సాధారణంగా వేరే బ్యాంకు కార్డు బాకీకే ఇస్తారు. లిమిట్ మొత్తానికీ ఇవ్వరు, అందులో కొంత శాతం వరకే. వాడికి 75 శాతం, అంటే 90,000 దాకా అన్నారు. ఆఫర్: 180 రోజులపాటు నెలకు 0.75 శాతం వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం.

80,000 మీద ఫీజు 1,600, దాని మీద జీఎస్టీ 288. మొత్తం 1,888 మొదటి రోజే బాకీలో చేరిపోతుంది. వడ్డీ ఏడాదికి 9 శాతం, అంటే రోజుకు 19 రూపాయల 73 పైసలు. జీఎస్టీతో 23 చిల్లర.

కాబట్టి కొత్త కార్డు మీద ఉంటే రోజుకు దాదాపు 84 రూపాయలు మిగులుతాయి. 1,888 ఫీజును 84తో భాగిస్తే 22 దాటి వస్తుంది. మూడు వారాల్లో ఎలాగూ మొత్తం కట్టేయగలిగితే బీటీ జోలికి పోవద్దు, ఫీజే ఎక్కువవుతుంది. చిట్టీ పాట డబ్బు పది రోజుల్లో వస్తుందని తెలిసి కూడా తక్కువ వడ్డీ కదా అని బీటీ చేయించుకునేవాళ్ళున్నారు. అది చేతులారా నష్టం.

మావాడి ఆలోచన ఆరు విడతల్లో తీర్చాలని, ప్రతి నెలా 10వ తేదీన అసలు 13,333 చొప్పున. అలా తీరిస్తే ఆరు నెలల వడ్డీ సుమారు 1,890, దాని మీద జీఎస్టీ 340. ఫీజు 1,888 కలిపితే మొత్తం ఖర్చు 4,100 చిల్లర. ఇదే పద్ధతిలో పాత కార్డు మీదే తీర్చుకుంటూ వస్తే వడ్డీ, జీఎస్టీ కలిపి 10,000 దాటేది. అంటే ఆరు వేల దాకా ఆదా.

ఆదా నిజమే కానీ 9 శాతం అన్న మాటను అలాగే నమ్మకండి. బాకీ నెలనెలా తగ్గుతుంది కాబట్టి 80,000 పూర్తిగా వాడుకునేది సగటున మూడు నెలలే, ఫీజు మాత్రం మొత్తానికీ ముందే తీసుకున్నారు. ఫీజు, జీఎస్టీ అన్నీ వడ్డీగా మార్చి చూస్తే ఏడాదికి 20 శాతం దగ్గర తేలుతుంది. ఇంట్లో బంగారం ఉంటే, బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు ఇంతకంటే చవక అవ్వొచ్చు. పైగా మామూలు అప్పుల వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, క్రెడిట్ కార్డు వడ్డీ మీద ఉంటుంది. బంగారం పెట్టడానికి మావాడి ఇంట్లో ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

మూడో అడుగు: ఒప్పుకునే ముందు రాతలో తీసుకోవాల్సినవి

ఫోన్‌లో ఏం చెప్పినా ఈమెయిల్‌లోనో, యాప్‌లో ఆఫర్ పేజీలోనో చూపించమనండి. ముఖ్యంగా మూడు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, 180 రోజుల లెక్క ఎప్పటినుంచి మొదలవుతుంది? సాధారణంగా కొత్త బ్యాంకు బీటీని మీ ఖాతాలో రాసిన రోజు నుంచి. పాత కార్డులో డబ్బు పడిన రోజు నుంచి అనుకుంటే పొరపాటు.

రెండోది, మీరు కట్టే డబ్బు ముందు దేనికి జమ అవుతుంది? ప్రతి కార్డుకీ `MITC` అనే నిబంధనల పత్రం ఉంటుంది, బ్యాంకు సైట్‌లో దొరుకుతుంది. అందులో జమ వరస రాసి ఉంటుంది. ముందు పన్నులు, ఫీజులు, వడ్డీ, తర్వాత బీటీ బాకీ, ఆ తర్వాతే కొనుగోళ్ళు అని పెట్టే బ్యాంకులున్నాయి. ఇది ఎందుకు ముఖ్యమో ఏడో అడుగులో చెబుతాను.

మూడోది, ఒక్క నెల ఆలస్యమైతే ఆఫర్ వడ్డీ రద్దవుతుందా? చాలా ఆఫర్లలో అలా రాసుకుంటారు. మీది ఈఎంఐ రకమైతే ముందే తీర్చేస్తే జరిమానా ఎంత అన్నది కూడా అడగండి.

నాలుగో అడుగు: దరఖాస్తు, మధ్యలో గడిచే రోజులు

దరఖాస్తులో పాత కార్డు నంబరు, బ్యాంకు పేరు, మొత్తం అడుగుతారు. నంబరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. డబ్బు మామూలుగా నెఫ్ట్‌లో పాత బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ మీద, మీ కార్డు నంబరునే ఖాతా నంబరుగా పెట్టి వెళ్తుంది. నెఫ్ట్‌లో జమ నంబరును బట్టే జరుగుతుంది, పేరును బట్టి కాదు. ఒక్క అంకె తేడా వస్తే తిప్పలు తప్పవు. దరఖాస్తుకు కావాల్సింది కార్డు నంబరు వరకే. పాత కార్డు వెనక ఉండే మూడంకెల సీవీవీ గానీ, దానికొచ్చిన ఓటీపీ గానీ బీటీకి అవసరం లేదు. ఎవరైనా అవి అడిగారంటే అది బీటీ కాదు, మోసం. ఫోన్ పెట్టేయండి.

మావాడు జూన్ 20న దరఖాస్తు పెట్టాడు. 21న కొత్త కార్డులో బీటీ నమోదైంది. పాత కార్డులో డబ్బు పడింది 25న. ఈ నాలుగు రోజులూ రెండు కార్డుల మీదా వడ్డీ నడిచింది. దీన్ని పూర్తిగా తప్పించుకోలేం, కానీ ఎంత జరిగిందో తెలిసి ఉండాలి. ఈ సందులో క్రెడిట్ రిపోర్టు తీస్తే రెండు కార్డుల మీదా 80,000 చొప్పున బాకీ కనిపించే అవకాశం కూడా ఉంది. ఇంటి లోనుకో, బండి లోనుకో దరఖాస్తు పెట్టబోతుంటే ఒకట్రెండు నెలలు ఆగి పెట్టుకోండి.

నాలుగైదు పనిదినాలు దాటినా పాత కార్డులో డబ్బు కనిపించకపోతే కొత్త బ్యాంకును ఆ నెఫ్ట్ బదిలీకి గుర్తుగా ఉండే యూటీఆర్ నంబరు అడగండి. నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచి రాత్రీ పగలూ, సెలవుల్లో కూడా నడుస్తోంది. జమ కాని డబ్బును రెండు గంటల్లోపు వెనక్కి పంపాలని నిబంధన ఉంది. అందువల్ల యూటీఆర్ ఇచ్చారంటే డబ్బు బయల్దేరినట్టే, దాన్ని పట్టుకుని పాత బ్యాంకును నిలదీయొచ్చు. యూటీఆర్ ఇవ్వలేకపోతున్నారంటే డబ్బు ఇంకా కొత్త బ్యాంకు దగ్గరే ఉందని అర్థం. అప్పుడు మీ ఫిర్యాదు వాళ్ళమీదే. డబ్బు తిరిగొచ్చి బీటీ రద్దయితే ఫీజు, జీఎస్టీ, ఆ రోజుల వడ్డీ కూడా వెనక్కి వేయమని ఈమెయిల్ పెట్టండి. అడగకపోతే అవి అలాగే ఉండిపోవచ్చు. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం నచ్చకపోయినా `cms.rbi.org.in` లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

ఇంకొకటి: బీటీ పెట్టాం కదా అని పాత కార్డు ఆఖరు తేదీని గాలికి వదిలేయకండి. బీటీ ఆలస్యమైతే లేటు ఫీజు పడేది మీకే. ఆఖరు తేదీకి రెండు మూడు రోజుల ముందు వరకూ డబ్బు పడకపోతే స్టేట్‌మెంట్‌లో రాసి ఉండే కనీస మొత్తం మీరే కట్టేయండి. తర్వాత బీటీ డబ్బు కూడా పడితే ఎక్కువైనది ఖాతాలో జమగా ఉంటుంది, అడిగి వెనక్కి తీసుకోవచ్చు. అలాగే పాత కార్డుకు సేవింగ్స్ ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టి ఉంటే, బీటీ పడ్డాక కూడా అది పాత స్టేట్‌మెంట్ మొత్తాన్ని లాగేస్తుందేమో బ్యాంకును ముందే కనుక్కోండి.

ఐదో అడుగు: పాత కార్డు తర్వాతి స్టేట్‌మెంట్

జూలై 12న మావాడు ఫోన్ చేశాడు. "బావా, మొత్తం 80,000 కట్టేశారు కదా, మళ్ళీ ఈ 1,285 ఏంటి? మోసం కాదా ఇది?" అన్నాడు. "మోసం కాదురా, లెక్కే. ఆ స్టేట్‌మెంట్ నాకు పంపు" అన్నాను. అందులో ఉన్నవి ఈ మూడు వరసలే:

```
25 JUN  NEFT PAYMENT RECEIVED   80,000.00 CR
12 JUL  INTEREST CHARGES         1,089.07
12 JUL  IGST @ 18%                 196.03
```

జూన్ 12 స్టేట్‌మెంట్‌లో ఉన్న 80,000 ఆ రోజు వరకు లెక్క. బీటీ డబ్బు వచ్చింది 25న. 13 నుంచి 24 వరకు 12 రోజులపాటు అసలు 76,680 అలాగే ఉంది కదా, దానికి వడ్డీ పడుతుంది. రోజుకు 90.76 చొప్పున 12 రోజులకు 1,089, జీఎస్టీ 196, మొత్తం 1,285. బ్యాంకు లెక్క తప్పలేదు. ఆ వడ్డీ జూన్‌లోనే పుట్టింది, కనిపించింది మాత్రం జూలైలో.

మీ స్టేట్‌మెంట్‌లోనూ ఇలాంటి వరస వస్తే ముందు రోజులు లెక్కపెట్టండి. పాత స్టేట్‌మెంట్ మర్నాటి నుంచి డబ్బు పడిన ముందు రోజు వరకు ఎన్ని రోజులో చూసి పై సూత్రంలో వేయండి. ఒకటి రెండు రోజుల తేడా అయితే అది లెక్కించే పద్ధతిలో తేడా. అదే నెల మొత్తానికీ వడ్డీ వేసి ఉంటే మాత్రం ఊరుకోవద్దు. 2022 జూలై నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు క్రెడిట్ కార్డు ఆదేశాల ప్రకారం, కట్టిన డబ్బు పోగా మిగిలిన బాకీ మీదే వడ్డీ వేయాలి.

ఆ 1,285 చిన్న మొత్తమని వదిలేస్తే లేటు ఫీజు దానికి తోడవుతుంది. మొత్తం కట్టేయండి. బీటీ పెట్టేటప్పుడే ఇలాంటి మిగులు వడ్డీకి పదిహేను వందలు పక్కన పెట్టుకుంటే అసలు గొడవే ఉండదు. ఆగస్టు 12న `Total Amount Due` దగ్గర సున్నా కనిపించాకే పాత కార్డు లెక్క ముగిసినట్టు. ఆ కార్డు ఇక వద్దనుకుంటే అప్పుడు మూయించండి. బాకీ లేని కార్డును మూయమని అడిగాక బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున మీకే ఇవ్వాలి.

ఆరో అడుగు: కొత్త కార్డు మొదటి స్టేట్‌మెంట్

కొత్త కార్డు స్టేట్‌మెంట్ తేదీ ప్రతి నెలా 28. బీటీ జరిగిన వారానికే మొదటి స్టేట్‌మెంట్ వచ్చేసింది:

```
21 JUN  BALANCE TRANSFER        80,000.00
21 JUN  BT PROCESSING FEE        1,600.00
21 JUN  IGST @ 18%                 288.00
28 JUN  INTEREST - BT              157.81
28 JUN  IGST @ 18%                  28.41
        Total Amount Due        82,074.22
```

ఒక్కో వరసా సరిచూసుకోండి. ఫీజు 80,000లో 2 శాతం, సరిపోయింది. జీఎస్టీ ఒకే వరసగా కాకుండా `CGST`, `SGST` అని 144 చొప్పున రెండు వరసల్లో రావచ్చు, మొత్తం ఒకటే. వడ్డీ జూన్ 21 నుంచి 28 వరకు ఎనిమిది రోజులకి: 80,000 × 8 × 9 ÷ 36500 అంటే 157.81. ఇదీ సరిపోయింది. ఇక్కడ 157 బదులు 757 ఉందంటే ఆఫర్ వడ్డీ మీ ఖాతాకు ఎక్కలేదని, ఈ కార్డుకూ నెలకు 3.6 శాతమే ఉన్న మామూలు వడ్డీ వేశారని అర్థం. మొదటి స్టేట్‌మెంట్‌లో ఈ ఒక్క వరస చూసుకుంటే చాలు, ఆర్నెల్ల తలనొప్పి తప్పుతుంది.

మొత్తం బకాయి 82,074 చూసి కంగారు పడాల్సిన పనిలేదు. ఈ రకం బీటీలో మొత్తం బాకీ అలాగే `Total Amount Due` లో కనిపిస్తుంది, ఆఫర్ నడిచినన్నాళ్ళూ దాన్నంతా ఈ నెలే కట్టాలని లేదు. కట్టి తీరాల్సింది కనీస మొత్తం. ఆ బ్యాంకు లెక్కలో అది బీటీలో 5 శాతం, పైన ఫీజు, వడ్డీ, పన్నులు మొత్తం: 4,000కు 2,074 కలిపి 6,074. ఈఎంఐ రకం బీటీ అయితే బకాయిలో ఆ నెల కిస్తీ మాత్రమే వస్తుంది, మిగతా అసలు వేరే పట్టికలో కనిపిస్తుంది.

కనీస మొత్తంతో సరిపెట్టుకుంటూ పోతే ఏమవుతుందో కూడా చూడండి. నెలకు బీటీలో 5 శాతమే తగ్గుతూ వస్తే ఆరు విడతల తర్వాత కూడా 58,800 దాకా మిగిలిపోతుంది. గడువు దాటిన రోజు నుంచి దానికి మళ్ళీ 3.6 శాతం. అలా చేసేటట్టయితే 1,888 ఫీజు కట్టి బాకీని ఆర్నెల్లు వాయిదా వేసుకున్నట్టే.

మావాడు జూలై 10న 15,407 కట్టాడు. అందులో ఫీజు, వడ్డీ, పన్నులు 2,074 పోగా అసలు 13,333 తగ్గి, బీటీ బాకీ 66,667కు దిగింది. జూలై 28 స్టేట్‌మెంట్‌లో బీటీ వడ్డీ 529, జీఎస్టీ 95 వచ్చాయి. మొదటి నెల 157 వడ్డీ కాస్తా 529 అయిందేమిటని మళ్ళీ అడిగాడు. మొదటిది ఎనిమిది రోజులకి, ఇది 30 రోజులకి. రెండో నెల పెరిగినట్టు కనిపించి, అక్కణ్ణుంచి నెలనెలా తగ్గుతుంది.

ఏడో అడుగు: బీటీ ఉన్నన్నాళ్ళూ కొత్త కార్డు వాడొద్దు

క్రెడిట్ కార్డు మీద ఏదైనా కొంటే వడ్డీ లేకుండా కొన్ని వారాలు గడువు ఉంటుందని మనందరికీ అలవాటైపోయింది. ఆ గడువు దొరకాలంటే ముందు స్టేట్‌మెంట్ మొత్తం కట్టేసి ఉండాలి. బీటీ ఉన్న కార్డులో మీరు మొత్తం కట్టరు కాబట్టి, చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్ళకు కొన్న రోజు నుంచే మామూలు వడ్డీ మొదలవుతుంది.

జూలై 6న మావాడు అరండల్‌పేటలో 3,200 పెట్టి టోనర్ కొన్నాడు, కొత్త కార్డు మీదే. 10న 15,407 కట్టాడు కదా, అందులో టోనర్ కూడా తీరిపోయిందనుకున్నాడు. కానీ జమ వరసలో బీటీ ముందుంది, కొనుగోళ్ళు వెనక. అందుకే కట్టిందంతా ఫీజు, వడ్డీ, బీటీలకే పోయింది, 3,200 కదల్లేదు. జూలై 28 స్టేట్‌మెంట్‌లో బీటీ వడ్డీ కింద వేరుగా ఇంకో వడ్డీ వరస: 87 రూపాయలు, పైన జీఎస్టీ 15 చిల్లర. మొత్తం చిన్నదే. కానీ ఈ వరసలో టోనర్ తీరాలంటే ముందు 66,667 బీటీ తీరాలి. అప్పటిదాకా అది 43.2 శాతం మీద కూర్చునే ఉంటుంది. తక్కువ వడ్డీ బాకీ ముందు తీరిపోతూ, ఎక్కువ వడ్డీది వెనకపడిపోవడం అంటే ఇదే.

మరి ఏం చేయొచ్చు? కొత్తది కొనకపోవడమే సులువు. పొరపాటున కొన్నట్టయితే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఫలానా కొనుగోలుకు విడిగా కడతాను, దానికే జమ చేస్తారా అని అడగండి. ఒప్పుకుంటే ఈమెయిల్‌లో తీసుకోండి. మావాడి బ్యాంకు ఒప్పుకుంది కాబట్టి సరిపోయింది. కార్డు తీసి బీరువాలో పెట్టినంత మాత్రాన కూడా వాడకం ఆగదు. కరెంటు బిల్లు, ఫోను రీచార్జ్ లాంటి ఆటో పేమెంట్లు దానికి తగిలించి ఉంటే తీసేయండి. రూపే కార్డయితే యూపీఐ యాప్‌లో లింకై ఉండొచ్చు. టిఫిన్ సెంటర్లో స్కాన్ చేసినప్పుడు సేవింగ్స్ బదులు అది తగిలే ప్రమాదముంది, యాప్‌లోంచి తొలగించండి.

ఎనిమిదో అడుగు: 180 రోజులు ఎక్కడ ముగుస్తాయో క్యాలెండర్‌లో రాయండి

ఆరు నెలలంటే ఆరు స్టేట్‌మెంట్లు అనుకుని చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. జూన్ 21ని మొదటి రోజుగా లెక్కిస్తే 180వ రోజు డిసెంబర్ 17. కొత్త కార్డు నవంబర్ 28 స్టేట్‌మెంట్‌కు ఆఖరు తేదీ డిసెంబర్ 18. చూశారా, ఆఖరు తేదీ ఆఫర్ గడువుకు ఒక రోజు అవతల పడింది. లేటు ఫీజు పడకుండా ఉండటానికి 18 చాలు, ఆఫర్ వడ్డీ నిలవడానికి చాలదు. 18న 10,000 మిగిలి ఉన్నా దాని మీద ఇక మామూలు వడ్డీయే, డిసెంబర్ 28 స్టేట్‌మెంట్‌లో పదకొండు రోజులది కనిపిస్తుంది. అందుకే మావాణ్ణి ఆఖరి విడత కూడా 10వ తేదీనే కట్టమన్నాను. సెలవులు, సర్వర్ డౌన్‌లు అన్నీ పోగా వారం చేతిలో ఉంటుంది.

గడువు తేదీ మీకు మీరే లెక్కపెట్టుకోవడంతో సరిపెట్టకండి. బ్యాంకు చాట్‌లోనో ఈమెయిల్‌లోనో "నా బీటీ ఆఫర్ వడ్డీ ఏ తేదీతో ముగుస్తుంది" అని అడిగి జవాబు దాచుకోండి. కొన్ని బ్యాంకులు నమోదు మర్నాటి నుంచి లెక్కిస్తాయి, కొన్ని మూడు నెలలు, ఆరు నెలలు అని నెలల్లో చెబుతాయి. వాళ్ళ తేదీ, మీ తేదీ వేరైతే ముందుదాన్నే పట్టుకోండి.

డిసెంబర్ 10న నవంబర్ స్టేట్‌మెంట్ మొత్తం కట్టేసినా డిసెంబర్ 28న 42 రూపాయల 67 పైసలు వస్తాయి. నవంబర్ 29 నుంచి డిసెంబర్ 9 వరకు 13,333 మీద 36.16 వడ్డీ, 6.51 జీఎస్టీ. అది కూడా కట్టేసి, జనవరి 28 స్టేట్‌మెంట్ సున్నాతో వచ్చాక ఆ కార్డును మళ్ళీ మామూలుగా వాడుకోవచ్చు. యూపీఐలోంచి తీసేసినదాన్ని తిరిగి తగిలించుకునేది కూడా అప్పుడే.